తెర మీద తెల్లగా, ఫోన్‌లో పసుపుగా: మానిటర్ కాలిబ్రేషన్‌లో ఏది ముందు, ఏది తర్వాత

పెళ్లి ఆల్బమ్ ప్రింటయి వచ్చాక ఫోటోగ్రాఫర్లకు తరచుగా వినిపించే ఫిర్యాదులు రెండు. ఫోటోలు చీకటిగా ఉన్నాయన్నది ఒకటి, బట్టలూ మొహాలూ పసుపు కొట్టినట్టు ఉన్నాయన్నది రెండోది. వెంటనే నింద ల్యాబ్ మీదికి పోతుంది. ల్యాబ్ పొరపాట్లు చేయదని కాదు. కానీ అదే ఫైలు ప్రింటులోనూ, పెళ్లివారి ఫోన్లలోనూ, హాల్లో టీవీలోనూ ఒకే తీరుగా తేడా కొడుతోందంటే లోపం అక్కడ వెతికి లాభం లేదు. ఎడిట్ చేసిన మానిటర్‌ను అనుమానించాలి.

మానిటర్ లోపం ఫైల్లోకి ఎప్పుడూ తలకిందులుగా ఎక్కుతుంది. స్క్రీన్ మరీ వెలుగ్గా ఉంటే ఎడిట్ చేసేవారు ఫోటోను తగ్గిస్తారు, ఫైలు చీకటవుతుంది. స్క్రీన్ నీలంగా ఉంటే దాన్ని చంపడానికి పసుపు కలుపుతారు, ఫైలు పసుపవుతుంది. స్క్రీన్ రంగులను అతిగా చూపిస్తుంటే శాచురేషన్ తగ్గిస్తారు, ఫైలు వెలిసిపోతుంది. ఆ మానిటర్ ముందు కూర్చున్నంతసేపూ ఇవేవీ తెలియవు, ఎందుకంటే స్క్రీన్ లోపమూ ఫైలు లోపమూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. కాబట్టి ఫిర్యాదు ఏ దిక్కున ఉందో చూస్తే మానిటర్ దానికి ఎదురు దిక్కున తప్పిందని చెప్పవచ్చు.

కాలిబ్రేట్ చేస్తే ఇక అన్ని స్క్రీన్లలోనూ ఒకేలా కనిపిస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు. శామ్‌సంగ్ ఫోన్‌లో వివిడ్ మోడ్ రంగులను పెంచి చూపిస్తుంది, ఐఫోన్‌లో ట్రూ టోన్ గది వెలుతురును బట్టి తెలుపునే మార్చేస్తుంది, ఎండలో చూసేవారు ఎండలో చూస్తారు. వాటి మీద ఎడిటర్‌కు అధికారం లేదు. కానీ ఈ పరికరాలన్నీ ఒక నడిమి బిందువు చుట్టూ అటూ ఇటూ చెదిరి ఉంటాయి. ఆ బిందువు పేరు sRGB. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించగా 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. తెలుపు D65, అంటే దాదాపు 6500K పగటి వెలుతురు తెలుపు, మధ్య షేడ్లను నిలబెట్టే వంపు గామా దాదాపు 2.2, వెలుగు 80 నిట్లు అన్నది దాని సారాంశం. ఎడిట్ చేసే మానిటర్‌ను అక్కడికి తెచ్చి పెడితే చూసేవారి స్క్రీన్ తప్పు ఒక్కటే మిగులుతుంది, దానికి ఎడిటర్ తప్పు తోడవదు.

వెలుగుతోనే సగం గొడవ

ఈ మూడింటిలో ముందు సరిచేయాల్సింది వెలుగు. చీకటి ప్రింట్ల ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే, పైగా దీన్ని పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు. మానిటర్లు చాలా వరకు షోరూమ్ లైట్ల కింద మెరిసేలా 200 నిట్లకు పైనే, కొన్ని 300 దాకా సెట్ అయి వస్తాయి. నిట్ అంటే చదరపు మీటరుకు ఒక క్యాండెలా. ఫోటో ఎడిటింగ్‌కు మామూలుగా పెట్టుకునేది 80 నుంచి 120 మధ్య.

కాగితానికి సొంత వెలుగు లేదన్న సంగతి దగ్గరే అసలు లెక్క ఉంది. దాని మీద పడిన లైటులో కొంత వెనక్కి కొడుతుంది, అంతే. 500 లక్స్ వెలుతురున్న టేబుల్ మీద మంచి తెల్ల కాగితం 140 నిట్ల దాకా ఇస్తుంది. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్‌కు కాస్త దూరంగా, 150 లక్స్ దగ్గర, అదే కాగితం 43 నిట్లకు మించదు. 300 నిట్ల స్క్రీన్ మీద తయారైన ఆల్బమ్‌ను చివరికి చూసేది ఈ 43 నిట్ల వెలుతురులోనే.

ఒక ఫోటోను తీసుకుని చూద్దాం. పెళ్లికూతురి చెంప మీద ఫైల్లో విలువ 180 ఉందనుకుందాం, 255కి గాను. గామా 2.2 లెక్కన అది తెలుపులో 46 శాతం వెలుగు. 300 నిట్ల మానిటర్‌పై ఆ చెంప దాదాపు 139 నిట్లతో వెలుగుతుంది, ఎడిటర్‌కు మొహం తెల్లగా పాలిపోయినట్టు అనిపిస్తుంది. కన్ను కొంత సర్దుకుంటుంది కాబట్టి మూడో వంతుకు దించరు, ఒక్క స్టాప్ తగ్గించారనుకుందాం. 180 కాస్తా 131 అవుతుంది. ఆ మానిటర్‌పై ఇప్పుడు 69 నిట్లు, చక్కగా ఉంది. అదే ఫైలు 100 నిట్ల స్క్రీన్ మీద 23 నిట్లే ఇస్తుంది. సాయంత్రం ఇంట్లో తెరిచిన ఆల్బమ్‌లో పది నిట్లకు పడిపోతుంది. ల్యాబ్ ఆ ఫైలును ఉన్నదున్నట్టు ముద్రించింది, అందులో దాని తప్పేమీ లేదు.

స్క్రీన్ ఎన్ని నిట్లు ఇస్తోందో కొలవడానికి ఫోటోగ్రాఫర్ చేతిలో ఇప్పటికే ఒక మీటరుంది, అదే కెమెరా. స్క్రీన్ నిండా తెలుపు పెట్టి, గదిలో లైట్లు ఆపి, కెమెరాను స్పాట్ మీటరింగ్‌లో మాన్యువల్ మోడ్‌కు మార్చాలి. ఐఎస్‌వో 100, అపర్చర్ f/4, షట్టర్ 1/50. స్క్రీన్ ఫ్రేమంతా నిండేంత దగ్గరకు వెళ్లి, ఫోకస్ కావాలనే చెడగొట్టి, మీటరు సున్నా దగ్గరకు వచ్చేదాకా మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గిస్తూ పోవాలి. సున్నా దగ్గర ఆగినప్పుడు స్క్రీన్ సుమారు 100 నిట్లు. దీని వెనక ఉన్న సూత్రం ఇది, N అపర్చర్ సంఖ్య, t సెకన్లలో షట్టర్ కాలం:

```
L = 12.5 × N² / (t × ISO)
12.5 × 16 × 50 / 100 = 100
```

120 నిట్లు కావాలంటే షట్టర్ 1/60 పెట్టాలి. మానిటర్‌ను ముట్టుకోకముందే ఓసారి కొలిచి, మీటరు 1/160 దగ్గర సున్నా చూపిస్తే అది 320 నిట్లతో నడుస్తోందన్నమాట. లెన్స్ గాజు కొంత వెలుగు మింగుతుంది, ఆ 12.5 స్థిరాంకం కంపెనీని బట్టి కొంచెం మారుతుంది, కాబట్టి మూడో వంతు స్టాప్ అటూ ఇటూ తేడా రావచ్చు. మూడు రెట్ల తప్పును సరిదిద్దేచోట ఆ మాత్రం తేడాతో వచ్చే నష్టం లేదు. ఓఎల్‌ఈడీ మానిటరైతే తెర నిండా తెలుపు పెట్టినప్పుడు వెలుగు తనంతట తానే తగ్గించుకునే అలవాటు ఉంటుంది గనక తెల్ల చతురస్రాన్ని చిన్నదిగా పెట్టుకోవాలి.

కొలిచే ముందు మానిటర్‌ను అరగంట వేడెక్కనివ్వాలి. ఎకో మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్, విండోస్ నైట్ లైట్, మ్యాక్‌లో ట్రూ టోన్ లాంటివన్నీ ఆపేయాలి. వీటిలో ఒక్కటి నడుస్తున్నా చేసిన కొలతకు విలువ ఉండదు. తగ్గించాల్సింది మానిటర్ బటన్ల మెనూలో ఉండే బ్రైట్‌నెస్. ఎల్‌సీడీల్లో చాలావరకు అది నేరుగా బ్యాక్‌లైట్‌ను తగ్గిస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో కనిపించే బ్రైట్‌నెస్ స్లైడర్ అలాంటిది కాదు, అది సిగ్నల్‌నే కుదించి షేడ్లను పోగొడుతుంది. మానిటర్ కాంట్రాస్ట్‌ను ఫ్యాక్టరీ విలువ దగ్గరే వదిలేయడం మేలు.

100 నిట్లకు దించిన మానిటర్ మొదటి రోజు ఎవరికైనా మసకగానే కనిపిస్తుంది. కిటికీ ఎండ నేరుగా తెర మీద పడే గదిలో అది నిజంగానే చాలదు. అప్పుడు మార్చాల్సింది గదిని. కర్టెన్ వేసి, లైటు స్క్రీన్ ముఖాన కాకుండా వెనక గోడ మీద పడేలా పెట్టుకోవాలి. పగలు ఒక బ్రైట్‌నెస్, రాత్రి ఒక బ్రైట్‌నెస్ పెట్టుకుని ఎడిట్ చేసిన ఆల్బమ్‌లో ఏ పేజీ ఎప్పుడు తయారైందో ప్రింట్ చూసి చెప్పేయవచ్చు.

తెలుపును కంటితో నమ్మకూడదు

రెండోది తెలుపు. దీనికి మన పెళ్లిళ్లలో మధుపర్కాలకు మించిన పరీక్ష లేదు. ఎర్ర అంచున్న తెల్లటి నూలు బట్ట, దాని మీద పసుపు బియ్యం, పక్కన పట్టు చీరలు, పైన హాలు వాళ్ల రంగురంగుల లైట్లు. ఆ నూలు తెలుపు ఏ మాత్రం ఒరిగినా చూసేవారికి ఇట్టే తెలుస్తుంది, ఒక్క ఎడిట్ చేసేవారికి తప్ప. ఎందుకంటే ఎదురుగా ఉన్న స్క్రీన్ తెలుపు ఎలా ఉన్నా, పది నిమిషాల్లో కన్ను దాన్నే తెలుపుగా ఒప్పుకుంటుంది.

ఉదాహరణకు ఆ బట్టపై ఐడ్రాపర్ పెడితే ఎరుపు 236, ఆకుపచ్చ 232, నీలం 224 అని చూపించిందనుకుందాం. ఇది లేత మీగడ రంగు, నూలుకు సహజమైనదే. మానిటర్ నీలం వైపు ఒరిగి ఉంటే ఇదే బట్ట తెర మీద చల్లగా, కాస్త నిర్జీవంగా కనిపిస్తుంది. ఎడిటర్ వెచ్చదనం పెంచుతారు, నీలం 224 నుంచి 205కు దిగుతుంది. అక్కడ బాగుంటుంది. ఫోన్‌లో తెరిస్తే మధుపర్కాలు పసుపు నీళ్లలో ముంచినట్టు ఉంటాయి. ఐడ్రాపర్ అంకెలు మానిటర్ రంగును బట్టి మారవు కాబట్టి, తెలుపనుకున్న చోట నీలం మిగతా రెండింటి కన్నా బాగా కిందికి జారిపోతుంటే అది ఎడిటర్ కన్నుకు మొదటి హెచ్చరిక.

చాలామంది మానిటర్ మెనూలో కలర్ టెంపరేచర్ 6500K ఎంచుకుని పని అయిపోయిందనుకుంటారు. ఆ మెనూలోని అంకె ఫ్యాక్టరీ అంచనా, కొలత కాదు. రెండు మానిటర్లలో అదే అంకె రెండు రకాల తెలుపునివ్వడం మామూలే. అంకె నిజమైనా సరిపోదు. టెంపరేచర్ నీలం, పసుపు మధ్య స్థానాన్నే చెబుతుంది. ఆకుపచ్చ, మెజెంటాల మధ్య తెలుపు ఎక్కడ నిలిచిందో దానికి తెలియదు. సరిగ్గా 6500 కొలిచినా తెలుపు ఆకుపచ్చగా ఉండవచ్చు, అప్పుడు మొహాల నీడల్లోకి ఎడిటర్ చేతే మెజెంటా చేరుతుంది.

అందుకే ఇక్కడ ఒక కలరీమీటర్ అవసరం. స్పైడర్, కాలిబ్రైట్ లాంటి బ్రాండ్ల పరికరాలు స్క్రీన్ మీద ఆనించి పెడితే రంగును అంకెల్లో చదువుతాయి. సొంతంగా కొనకపోయినా ఇద్దరు ముగ్గురు స్టూడియోల వాళ్లు కలిసి ఒకటి తీసుకుంటే సరిపోతుంది, నెలకోసారి వాడే వస్తువే గదా. దాంతో వచ్చే సాఫ్ట్‌వేర్ గానీ, ఉచితంగా దొరికే DisplayCAL గానీ వాడవచ్చు. లక్ష్యాలు మూడే: తెలుపు D65, వెలుగు 100 లేదా 120, టోన్ కర్వ్ గామా 2.2.

కొలత మొదలయ్యాక మానిటర్ మెనూలో యూజర్ మోడ్‌కు వెళ్లి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్లను సరిచేయమంటుంది. ఇక్కడ పద్ధతి ఒకటే, ఎక్కువున్నదాన్ని తగ్గించాలి, తక్కువున్నదాన్ని పెంచకూడదు. పెంచితే ఆ రంగు పై చివర కోసుకుపోయి లేత షేడ్లు కలిసిపోతాయి. నీలం ఎక్కువైతే నీలం దించాలి, ఆపైన పచ్చదనం మిగిలితే ఆకుపచ్చ కొద్దిగా దించాలి. దించిన ప్రతిసారీ మొత్తం వెలుగు కూడా పడిపోతుంది కాబట్టి బ్రైట్‌నెస్‌ను మళ్లీ కాస్త పెంచుకుని చూడాలి. రెండు మూడు చుట్లలో కుదురుతుంది.

విస్తృత రంగుల మానిటర్లలో ఒక ఉచ్చు ఉంది. సాఫ్ట్‌వేర్ ముందుగా ప్యానెల్ రకం అడుగుతుంది, మామూలు వైట్ ఎల్‌ఈడీయా, వైడ్ గామట్ బ్యాక్‌లైటా, ఓఎల్‌ఈడీయా అని. వెలుగు పుట్టే తీరు ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది, కలరీమీటర్ ఫిల్టర్లు ఆ తేడాను సొంతంగా పసిగట్టలేవు. తప్పు రకం ఎంచుకుంటే కొలతంతా సజావుగా సాగి, చివర తెలుపు మాత్రం గులాబీ వైపో ఆకుపచ్చ వైపో ఒరిగి కూర్చుంటుంది. కాలిబ్రేట్ చేశాక తెలుపు మరీ వింతగా అనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ ఎంపికనే.

గామాకు రెండు గీతలు చాలు

గామా అంటే ఫైల్లోని అంకెకు, తెర మీద వెలుగుకు మధ్య ఉన్న వంపు. నలుపు, తెలుపు చివర్లు సరిగ్గా ఉన్నా మధ్య షేడ్లు ఎక్కడ నిలవాలో ఇదే తేలుస్తుంది. 128 విలువకు గామా 2.2లో తెలుపు వెలుగులో 22 శాతం రావాలి. 1.8 అయితే 29 శాతం వస్తుంది, ఫోటో పల్చగా కనిపిస్తుంది. మ్యాక్‌లు 2009లో స్నో లెపర్డ్ వచ్చేదాకా ఆ 1.8నే వాడేవి, విండోస్‌లో అవే ఫోటోలు ముదురుగా కనిపించడానికి కారణం అదే.

తెలుపును నమ్మలేని కన్ను గామా విషయంలో మాత్రం బాగా పనికొస్తుంది, పక్కపక్కన ఉన్న రెండు వెలుగులను పోల్చడం దానికి తెలుసు. ఒక వరుస నలుపు, ఒక వరుస తెలుపు గీతలు గీసి దూరం నుంచి చూస్తే అవి కలిసిపోయి సరిగ్గా 50 శాతం వెలుగవుతాయి. గామా 2.2 అయితే ఆ 50 శాతానికి సమానమైన బూడిద రంగు 186. ఈ చిన్న పైథాన్ కోడ్ రెండింటినీ పక్కపక్కన పెట్టిన బొమ్మ తయారు చేస్తుంది:

```python
from PIL import Image
im = Image.new("L", (800, 400), 186)
for y in range(0, 400, 2):
    for x in range(400):
        im.putpixel((x, y), 0)
        im.putpixel((x, y + 1), 255)
im.save("gamma.png")
```

బొమ్మను కచ్చితంగా 100 శాతం సైజులో తెరవాలి, ఒక పిక్సెల్‌కు ఒక పిక్సెల్. విండోస్ స్కేలింగ్ 125 లేదా 150లో ఉంటే బ్రౌజర్ గీతలను సాగదీసి పరీక్షను పాడుచేస్తుంది. రెండు మూడడుగులు వెనక్కి జరిగి కళ్లు కాస్త చికిలిస్తే రెండు సగాలూ ఒకే బూడిదగా కలిసిపోవాలి. కుడి సగం వెలుగ్గా తేలితే గామా 2.2 కన్నా తక్కువ, చీకటిగా తేలితే ఎక్కువ. చౌక ల్యాప్‌టాప్‌లలోని టీఎన్ ప్యానెళ్లలో తల కాస్త పైకెత్తినా దించినా ఫలితం మారిపోతుంది. అలాంటి తెర మీద నీడల నిర్ణయాలు తీసుకోకపోవడమే మంచిది.

కలరీమీటర్ లేనివారు విండోస్‌లో `dccw` అని టైప్ చేసి గామా స్లైడర్‌తో దీన్ని సరిచేసుకోవచ్చు. అందులోనే వచ్చే కలర్ బ్యాలెన్స్ దశను మాత్రం దాటేయడం మేలు, అక్కడ మళ్లీ కన్నునే నమ్మాల్సి వస్తుంది.

నీడలు మొత్తంగా మాయమైనప్పుడు దాన్ని గామా తప్పు అనుకోవడం మామూలే. చాలాసార్లు అది హెచ్‌డీఎంఐ వ్యవహారం. కంప్యూటర్ 0 నుంచి 255 దాకా పంపుతుంటే మానిటర్ టీవీలా 16 నుంచి 235 దాకానే ఆశిస్తుంటుంది. అప్పుడు 16 కింద ఉన్నదంతా ఒకే నలుపు, పెళ్లికొడుకు జుట్టులో వెంట్రుకలు విడిగా కనబడవు. తేడా తిరగబడితే నలుపు బూడిదలా తేలిపోతుంది. రెండు వైపులా ఫుల్ రేంజ్ ఎంచుకుంటే పోతుంది, దీన్ని గామాతో సవరించబోతే మధ్య షేడ్లు కూడా పాడవుతాయి.

ప్రొఫైల్ చేసే పని వేరు

ఇప్పటిదాకా చేసింది మానిటర్‌ను ఒక స్థితికి తేవడం. కలరీమీటర్ ఆ తర్వాత ఇంకో పని చేస్తుంది. ఆ స్థితిలో మానిటర్ ఏ రంగును ఎలా చూపిస్తోందో కొలిచి ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైల్లో రాసిపెడుతుంది. తెలుపు, గామా సవరణలు గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కి అన్ని ప్రోగ్రాములకూ వర్తిస్తాయి. రంగుల సవరణ మాత్రం ప్రొఫైల్‌ను చదివే ప్రోగ్రాములకే అందుతుంది. ఫోటోషాప్, లైట్‌రూమ్ చదువుతాయి. చదవని ప్రోగ్రాములు ఇప్పటికీ చాలానే ఉన్నాయి.

విస్తృత రంగుల మానిటర్ మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మధుపర్కాల ఎర్ర అంచు ఫోటోషాప్‌లో మామూలు ఎరుపు, ప్రొఫైల్ చదవని వ్యూయర్‌లో అదే ఫైలు నిప్పులా మండే ఎరుపు. ఫైలుకు ఏమీ కాలేదు. ఆ వ్యూయర్‌ను చూసి శాచురేషన్ తగ్గిస్తే మిగతా ప్రపంచానికి అంచు ఇటుక రంగులో చేరుతుంది. మానిటర్ మెనూలో sRGB మోడ్ ఉంటే దాన్ని ఎంచుకుని, అదే మోడ్‌లో కాలిబ్రేట్ చేయడం ఈ గొడవకు తేలికైన విరుగుడు. వెబ్‌కూ ఫోన్లకూ పని చేసేవారికి విస్తృత రంగులతో పెద్దగా అవసరం రాదు.

ఫైలు బయటికి పంపేటప్పుడు sRGBకి మార్చి, ప్రొఫైల్‌ను ఫైల్లోనే పొదిగి పంపాలి. అడోబ్ ఆర్‌జీబీలో ఉన్న ఫైలును ప్రొఫైల్ లేకుండా పంపితే అవతలి స్క్రీన్ దాన్ని sRGB అనుకుని చూపిస్తుంది, రంగులు చప్పబడతాయి. ఈ చప్పదనాన్ని ఎంత కాలిబ్రేషనూ ఆపలేదు.

పని అయ్యాక సాఫ్ట్‌వేర్ ఒక రిపోర్టు ఇస్తుంది, సగటు డెల్టా ఈ 0.6 అనో 0.8 అనో. ఒకటి కన్నా తక్కువ తేడాను కన్ను దాదాపు పట్టలేదు కాబట్టి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కొలిచిందీ, తనిఖీ చేసిందీ ఒకే పరికరం. దాని ఫిల్టర్లు పాతబడి తప్పు చదువుతున్నా, ప్యానెల్ రకం తప్పుగా ఎంచుకున్నా రిపోర్టు ఇంతే అందంగా వస్తుంది. మానిటర్ నిలకడగా ఉందని మాత్రమే అది చెబుతుంది. నిజమైన తనిఖీకి ల్యాబ్ నుంచి ఒక టెస్ట్ ప్రింటు తెప్పించి, మంచి వెలుతురులో మానిటర్ పక్కన పెట్టి, మొహాల వెలుగునూ తెలుపునూ పోల్చడమే దారి. ప్రింటు ఇంకా చీకటిగా ఉంటే స్క్రీన్‌ను 120 నుంచి 100కో 90కో దించి మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. మెనూలో ఏ మీట మార్చినా పాత ప్రొఫైల్ పనికిరాదు, ఎందుకంటే అది వర్ణించిన మానిటర్ ఇప్పుడు లేదు.

ల్యాప్‌టాప్‌నూ బయటి మానిటర్‌నూ రెండింటినీ కాలిబ్రేట్ చేశాక కూడా పక్కపక్కన తెలుపులు కలవకపోతే పరికరం పాడైందని కంగారు పడక్కర్లేదు. రెండు ప్యానెళ్లలో వెలుగు వేర్వేరు తరంగాల మిశ్రమం. లెక్కలో ఒకే తెలుపుగా తేలినా కంటికి రెండుగా కనిపించవచ్చు, అదీ మనిషికో రకంగా. ఓఎల్‌ఈడీ పక్కన ఎల్‌సీడీ పెడితే ఇది మరీ ఎక్కువ. తెలుపు లక్ష్యాన్ని కాస్త జరిపి రెండింటినీ కంటికి దగ్గర చేయవచ్చు గానీ, అప్పుడు ఒకటి ప్రమాణం నుంచి తప్పుకుంటుంది. రంగు నిర్ణయాలు ఒక్క తెర మీదే తీసుకుని, రెండోదాన్ని టూల్స్ ప్యానెళ్లకూ ఫోల్డర్లకూ వదిలేస్తే ఆ అవసరమే రాదు.